రాతి దుమ్ములో ఏడేళ్లు: టంగ్‌స్టన్ ఉంగరం, టైటానియం వాచీ

నేను చిత్తూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. ఏడేళ్ల క్రితం టంగ్‌స్టన్ ఉంగరం, మరుసటి ఏడు టైటానియం వాచీ కొన్నాను. రెండూ రోజూ రాతి దుమ్ములోనే ఉన్నాయి.

వాచీ చాలా తేలిక, చేతికి ఉన్నట్టే అనిపించదు. కానీ టైటానియానికి గీతలు పడవనుకోవడం నా పొరపాటు. మొదటి నెలలోనే కేసంతా సన్నటి గీతలు. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7, టైటానియం 6 దగ్గర ఆగిపోతుంది. అద్దం సఫైర్, అంటే 9. దాని మీద ఈరోజుకీ గీత లేదు. మా బావమరిదిది సిరామిక్ వాచీ. అది జిర్కోనియా అనే గట్టి సిరామిక్ కాబట్టి గీతలు పడలేదు గానీ, ఒకసారి బాత్‌రూమ్ టైల్స్ మీద పడి కేసు అంచు పెచ్చు ఊడింది.

ఉంగరం మాత్రం కొత్తదానిలాగే మెరిసేది. టంగ్‌స్టన్ అని అమ్మేది నిజానికి టంగ్‌స్టన్ కార్బైడ్, గట్టిదనం దాదాపు 9. సమస్య గట్టిదనంతో కాదు, సైజుతో వచ్చింది. ఏడేళ్లలో నా వేలు లావైంది. తిరుపతిలో మాకు తెలిసిన ఆచారిగారికి చూపించాను.

"బంగారమైతే కోసి, చిన్న ముక్క అతికి, అరగంటలో ఇచ్చేస్తా నాయనా. దీని మీద నా రంపం పళ్లే అరిగిపోతాయి" అన్నారు.

బంగారం సాగుతుంది, కరిగి అతుక్కుంటుంది. కార్బైడ్ పొడిని నికెల్ లాంటి లోహంతో కలిపి, అచ్చులో నొక్కి, 1400 డిగ్రీల పైన కాల్చి గట్టిపరుస్తారు. తయారయ్యాక అది సాగదు. బలవంతం చేస్తే వంగకుండా పగులుతుంది.

మొన్న మేలో వేలు వాచి నీలంగా మారింది, బాగా టెన్షన్ పడ్డాను. ఆ పగిలే గుణమే నన్ను కాపాడింది. మా ఫిట్టర్ నాకు కళ్లద్దాలు పెట్టించి, లాక్ అయ్యే గ్రిప్ ప్లయర్‌ని ఉంగరం మీద సరిగ్గా పట్టేలా బిగించాడు. వదిలి, స్క్రూ కాస్త తిప్పి, మళ్లీ బిగించాడు. నాలుగో సారికి 'టక్'మని మూడు ముక్కలైంది. వంగదు కాబట్టి వేలు నలగలేదు. ముక్కల అంచులు మాత్రం బ్లేడులా ఉన్నాయి. టైటానియం ఉంగరమైతే ఇలా పగలదు, కోయాల్సిందే.

ఇప్పుడు సాదా టైటానియం ఉంగరం తీసుకున్నాను. గీతలు పడతాయని తెలుసు. రాళ్లు పొదగని పట్టీ కాబట్టి లేత్ ఉన్న చోట లోపలివైపు కొంచెం తొలిచి వదులు చేయించుకోవచ్చు, బిగుతు చేయడం మాత్రం కుదరదు. ఈసారి కొలత పొద్దున్నే ఇవ్వలేదు. పని దిగాక, సాయంత్రం వేళ్లు ఉబ్బి ఉన్నప్పుడు ఇచ్చాను.