మూడేళ్ల ఇంట్రాడే తర్వాత: నూటికి 59 సార్లు గెలిచినా డబ్బు ఎందుకు పోయింది

మూడేళ్లుగా ఒక డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర ఇంట్రాడే, అంటే కొన్న షేర్లను అదే రోజు అమ్మేసే ట్రేడింగ్, చేస్తున్నాను. యాప్ బాగానే ఉంది, ఆర్డర్లు వేగంగానే పడతాయి. నా ఫిర్యాదు ఒక్కటే. పొజిషన్స్ పేజీలో పచ్చరంగులో కనిపించే లాభంలో ఛార్జీలు తీసేసి ఉండవు. అవి రాత్రి మెయిల్‌లో వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో ఉంటాయి. మొదటి ఏడాది నేను దాన్ని తెరిచి చూడనే లేదు.

ఆ ఏడాది దాదాపు 960 ట్రేడ్లు చేశాను, రోజుకు నాలుగు చొప్పున. ఖాతాలో ఉన్నది 40 వేలే అయినా, మార్జిన్ మీద, అంటే బ్రోకర్ ఇచ్చే వెసులుబాటుతో, ఒక్కో ట్రేడ్ లక్ష రూపాయలకు వేసేవాణ్ని. ఏడాది చివర యాప్ చూపించిన లాభం 46 వేలు. ఛార్జీలు 79 వేలు. అంటే 33 వేలు నష్టం, నా పెట్టుబడికి దాదాపు రెండింతలు ఖర్చు.

ఒక్క ట్రేడ్ తీసుకుని చూద్దాం. 500 రూపాయల షేర్లు 200 కొని అదే రోజు అమ్మాను. బ్రోకరేజీ ఆర్డర్‌కు 0.03 శాతం లేదా 20 రూపాయలు, ఏది తక్కువైతే అది. కాబట్టి కొన్నందుకు 20, అమ్మినందుకు 20. అమ్మిన విలువ మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.025 శాతం, అంటే 25 రూపాయలు. ఎక్స్ఛేంజ్ ఛార్జీ రెండు వైపులా కలిపి ఆరు రూపాయలు, కొన్నవైపు స్టాంప్ డ్యూటీ మూడు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫీజు 20 పైసలు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్, సెబీ ఛార్జీల మీద 18 శాతం జీఎస్‌టీ ఎనిమిది రూపాయల చిల్లర. మొత్తం 82 రూపాయలు, షేరుకు 41 పైసలు. గెలిచినా ఓడినా ఇది కట్టాల్సిందే.

ఏ నోట్‌లోనూ కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. మార్కెట్ డెప్త్ తెరిస్తే కొనేవాళ్ల ధర 500.00, అమ్మేవాళ్ల ధర 500.30 అని ఉంటుంది. మార్కెట్ ఆర్డర్ కొడితే 500.30కి వస్తుంది. ఆ క్షణమే అమ్మేద్దామంటే 500.00 మాత్రమే దొరుకుతుంది. 200 షేర్లకు 60 రూపాయలు అక్కడే పోయాయి. స్ప్రెడ్ అనే ఈ తేడా నేను ఆడే మిడ్‌క్యాప్ షేర్లలో మామూలే. ఇది కొన్న ధరలోనే కలిసిపోతుంది కాబట్టి ఖర్చులా అనిపించదు. రెండూ కలిపితే షేరుకు 71 పైసలు.

అప్పట్లో షేరుకు మూడు రూపాయల లాభం రాగానే అమ్మే టార్గెట్, మూడు రూపాయలు పడగానే బయటపడే స్టాప్‌లాస్ పెట్టేవాణ్ని. ఖర్చు లేకపోతే నూటికి 50 సార్లు గెలిస్తే లెక్క సరిపోతుంది. 71 పైసల ఖర్చుతో గెలిస్తే 2.29 వస్తుంది, ఓడితే 3.71 పోతుంది. స్టాప్‌కు ఖర్చు కలిపి, టార్గెట్, స్టాప్‌ల మొత్తంతో భాగిస్తే కావలసిన గెలుపు వస్తుంది. 3.71ని ఆరుతో భాగిస్తే నూటికి 62. నేను గెలిచింది 59. ఆ ఏడాదంతా నా అంచనాలు తప్పని బాధపడ్డాను. నిజానికి తప్పింది టార్గెట్ సైజు. రూపాయిన్నర టార్గెట్, అంతే స్టాప్ అయితే నూటికి 74 గెలవాలి. ఆరు రూపాయలైతే 56 చాలు.

ఒక్కో ట్రేడ్‌కు పెట్టే మొత్తం పెంచితే ఖర్చు శాతం తగ్గుతుందన్నది నిజమే. ఐదు లక్షల ట్రేడ్‌కు ఛార్జీలు 0.045 శాతమే, 20 వేల ట్రేడ్‌కు 0.1 శాతం పైన. కానీ 500.30 దగ్గర 300 షేర్లే ఉంటే, వెయ్యి షేర్లు కావాలన్నవాడు పై ధరలకు ఎక్కి కొనాలి. బ్రోకరేజీలో మిగిలింది స్ప్రెడ్‌లో పోతుంది. స్ప్రెడ్ తప్పించుకుందామని, నేను చెప్పిన ధరకే కొనే లిమిట్ ఆర్డర్లు కూడా వేశాను. దూసుకుపోయే షేరు నా ధరకు రాకుండానే వెళ్లిపోయేది, పడిపోయే షేరు మాత్రం కచ్చితంగా దొరికేది. లిమిట్ వల్ల మిగిలే పైసలను ఆ తేడా చాలావరకు తినేసింది.

2022-23లో ఇంట్రాడే చేసిన ప్రతి పది మందిలో ఏడుగురు నష్టపోయారని, ఏడాదికి 500 పైన ట్రేడ్లు చేసినవాళ్లలో ఆ లెక్క 80 శాతమని సెబీ అధ్యయనం చెప్పింది. నా కాంట్రాక్ట్ నోట్లు ముందేసుకున్నాక అది నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

రెండో ఏడాది దాదాపు ఆపేశాను. మూడో ఏడాది రోజుకు ఒకటి మించకుండా 210 ట్రేడ్లు, ఆరు రూపాయల టార్గెట్, అంతే స్టాప్. గెలుపు 57కి తగ్గింది, అయినా అన్నీ పోను 5,400 మిగిలింది. 210 ట్రేడ్లలో ఒక శాతం ఆధిక్యం అదృష్టం కూడా కావచ్చు, కాబట్టి ట్రేడ్‌కు పెట్టే మొత్తం పెంచడం లేదు. ఇంట్రాడే లాభనష్టాలు పన్నులో స్పెక్యులేటివ్ వ్యాపారం కిందికి వస్తాయి. ఆ నష్టాన్ని జీతంతో సర్దుకోలేం, అలాంటి లాభంతోనే నాలుగేళ్ల వరకు సర్దుకోవాలి, రిటర్న్ గడువులోపు వేసి ఉంటేనే. మొదటి ఏడాది ఐటీఆర్-3 సమయానికి వేశాను కాబట్టి ఈ 5,400 మీద పన్ను పడలేదు. పాత నష్టంలో ఇంకా 27 వేల పైన మిగిలే ఉంది.