జాగ్రత్త: వాపసు చెక్కు చేతికొస్తే డబ్బు వచ్చినట్టు కాదు

విజయవాడలో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారికి నేను 1,80,000 రూపాయలు బయానా ఇచ్చాను. ఎన్ని వారాలు గడిచినా బండి కాగితాలు చూపకపోవడంతో బేరం రద్దు చేసుకున్నాను. మారుమాట లేకుండా మార్చి 5 తేదీతో చెక్కు రాసిచ్చాడు. గుంటూరులో నా ఖాతాలో వేస్తే, మార్చి 9న ‘ఖాతాలో తగినంత సొమ్ము లేదు’ అనే మెమోతో తిరిగి వచ్చింది.

అతను తొణకలేదు. "ఉగాది వెళ్లాక మళ్లీ వేయండి, సార్" అన్నాడు. తర్వాత "పది రోజులు ఆగండి" అన్నాడు. ఆ మాటల్లో పడి నేను అసలు గడువు పోగొట్టుకున్నాను. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా, చెక్కు సొమ్ము చెల్లించమంటూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోనులో ఎన్నిసార్లు బతిమాలినా అది నోటీసు కాదు.

నన్ను గట్టెక్కించింది ఒక్కటే. చెక్కుకు తేదీ నుంచి మూడు నెలల చెల్లుబాటు ఉంటుంది, ఆలోపు మళ్లీ వేయవచ్చు. మే 28న వేశాను. ఈసారి మే 30న ‘చెల్లింపు ఆపమని ఖాతాదారు ఆదేశం’ అని తిరిగొచ్చింది. "నేనే ఆపించాను, ఇది బౌన్సు కిందికి రాదు" అని అతని వాదన. నేనూ నమ్మేవాణ్ణే. కానీ, బాకీ నిజమై ఖాతాలో సొమ్ము లేనప్పుడు చెల్లింపు ఆపించినంత మాత్రాన తప్పించుకోలేడని మా వకీలు చెప్పారు. ఖాతా మూసేసినా అంతే. అంకెలకు, అక్షరాలకు పొంతన లేకపోవడం, దిద్దుబాట్లు వంటి కారణాలతో తిరిగి వస్తే మాత్రం కేసు అంత సులువు కాదు. అందుకే చెక్కు తీసుకునేటప్పుడే దానిని నిదానంగా చదవండి.

జూన్ 6న నోటీసు పంపాం, 9న అతనికి అందింది. అక్కడి నుంచి చెల్లించడానికి అతనికి 15 రోజులు. అవి దాటితే నెలలోపు మనం కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేను చెక్కు వేసిన శాఖ గుంటూరులో ఉంది కాబట్టి కేసు గుంటూరులోనే నడుస్తుంది, బెజవాడ చుట్టూ తిరగనక్కరలేదు.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అతను నేరం ఒప్పుకోకపోతే, కేసు తేలకముందే చెక్కు సొమ్ములో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. వకీలు ఈ సంగతులన్నీ నోటీసులోనే రాశారు.

జూన్ 22న, పదమూడో రోజు, మొత్తం సొమ్ము నా ఖాతాలో పడింది. గడువులోపే చెల్లించాడు కాబట్టి కేసు లేదు. నిన్న అటు వెళ్తూ చూశాను, ఆ కొట్టు ఇంకా తెరిచే ఉంది.