చిరుత బొమ్మకు సాక్షి ఎవరు: వాటర్‌మార్కా, సంతకమా?

మా అపార్ట్‌మెంట్ బెంగళూరులో, హోసా రోడ్ దగ్గర. తెలుగువాళ్లం కాస్త ఎక్కువే ఉన్నాం కాబట్టి మాకు వేరుగా ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. జనవరిలో ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకు అందులో ఒక ఫోటో పడింది. బేస్‌మెంట్ పార్కింగ్‌లో తెల్ల స్కూటీ పక్కన చిరుత కూర్చుని ఉంది. కింద "పిల్లల్ని బస్సుకు పంపకండి" అని ఒక ముక్క.

వేరే ఊళ్లో అయితే నవ్వి ఊరుకునేవాళ్లేమో. 2023 అక్టోబరు చివర ఇక్కడికి దగ్గర్లోనే, కూడ్లు గేటు వైపు, నిజంగానే చిరుత తిరిగింది. అపార్ట్‌మెంట్ సీసీటీవీలో పడింది. నవంబరు 1న దాన్ని పట్టుకునే ప్రయత్నంలో అది చనిపోయింది కూడా. అందుకే ఆ పొద్దున ఎవరికీ నవ్వు రాలేదు. సెక్యూరిటీవాళ్లు కర్రలు పట్టుకుని కిందికి దిగారు.

తొమ్మిదింటికల్లా సంగతి తేలింది. నాలుగో ఫ్లోర్‌లో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు బొమ్మలు గీసే ఏఐ యాప్‌లో దాన్ని చేసి ఒక స్నేహితుడికి పంపాడట, అక్కడి నుంచి అది తిరిగి మా మీదికే వచ్చింది. "అన్నా, సరదాకి చేశా, గ్రూపులోకి వస్తుందని అనుకోలేదు" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ పని పెట్టుకోలేదు. అసలు ఫైలు అడిగి తీసుకున్నాను. నా ఉద్యోగం ఇమేజ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అసలు ఫైలూ, గ్రూపులో తిరిగిన కాపీ రెండూ చేతికి దొరకడం మాకు అరుదు.

ఇలాంటి బొమ్మల్ని పట్టడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి పుట్టుపూర్వోత్తరాలను ఫైలుకే అంటించి సంతకం చేయడం. దాని ప్రమాణం పేరు సీ2పీఏ, జనానికి కనిపించే పేరు కంటెంట్ క్రెడెన్షియల్స్. 2021లో అడోబ్, ఆర్మ్, బీబీసీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ట్రూపిక్ కలిసి మొదలుపెట్టాయి. రెండోది బొమ్మ లోపలే కంటికి కనబడని గుర్తు కలిపేయడం, అంటే వాటర్‌మార్క్. గూగుల్ డీప్‌మైండ్ 2023లో తెచ్చిన సింథ్‌ఐడీ ఆ రకం. కుర్రాడి ఫైల్లో రెండూ ఉన్నాయి.

ముందు సంతకం చూద్దాం. సంతకాన్ని చదివి చూపే పనిముట్టు ఒకటుంది, లాప్‌టాప్‌లో దానికి ఈ ఒక్క లైను కొట్టాను:

```
c2patool chirutha.jpg
```

వచ్చిన జాబితాలో నాకు కావలసినది ఇది:

```
"digitalSourceType": "http://cv.iptc.org/newscodes/digitalsourcetype/trainedAlgorithmicMedia"
```

అంటే బొమ్మను యంత్రం చేసిందని ఫైలే ఒప్పుకుంటోంది. కెమెరాతో తీసినదైతే ఆ చివర `digitalCapture` అని ఉండాలి. వెనక జరిగే పని ఇది. యాప్ ముందుగా బొమ్మకు ఒక హాష్ లెక్క కడుతుంది, వేలిముద్ర అనుకోండి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ పనిముట్టుతో చేశారు అనే వివరాలతో ఆ వేలిముద్రను కలిపి, మొత్తం మీద కంపెనీ తన రహస్య తాళంతో డిజిటల్ సంతకం పెడుతుంది. నేను ఫైల్లో ఒక బైటు మార్చి మళ్లీ చూశాను. వెంటనే `assertion.dataHash.mismatch` అని చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మీద దిద్దుబాటు దొరికినట్టే. ఇంతవరకు భేషుగ్గా ఉంది.

తర్వాత గ్రూపులో తిరిగిన కాపీ మీద అదే కమాండ్ కొట్టాను. ఏమీ లేదు. సంతకం చెడిపోయిందని కూడా చెప్పలేదు, అసలు సంతకమే లేదంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు అది బొమ్మను మళ్లీ కుదించి కొత్త జేపెగ్ ఫైలు తయారుచేస్తుంది. పాత ఫైల్లో ఒక పక్కన ఉన్న వివరాల సంచి కొత్త ఫైల్లోకి రాదు. అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపి చూస్తే సంతకం చెక్కుచెదరలేదు. కానీ గుడ్ మార్నింగ్ బొమ్మను డాక్యుమెంట్‌గా పంపేవాళ్లను నేనింతవరకు చూడలేదు. స్క్రీన్‌షాట్ తీస్తే వేరే చెప్పక్కర్లేదు, అది మీ ఫోను కొత్తగా పుట్టించిన ఫైలు.

సంతకం ఊడితే ఊడింది, అది తెలిసిన లోపమే. నన్ను ఇబ్బంది పెట్టేది సంతకం ఉన్నప్పటి సంగతి. సంతకం చెప్పేది "ఈ ఫైలు ఈ పనిముట్టు నుంచి వచ్చింది, తర్వాత మారలేదు" అని మాత్రమే. అందులో ఉన్నది నిజమని చెప్పదు. క్రెడెన్షియల్స్ ఉన్న కెమెరాను మంచి మానిటర్ ముందు పెట్టి, తెర మీద చిరుత బొమ్మను నిండుగా తీస్తే, కెమెరా నిజాయితీగానే `digitalCapture` అని సంతకం పెడుతుంది. ఇంకా సులువైన దారి 2025లో నికాన్ జెడ్6 III కెమెరాలో బయటపడింది. వేరే కెమెరాతో తీసిన ఫోటోను దాంట్లో పెట్టి, మల్టిపుల్ ఎక్స్‌పోజర్ మోడ్‌లో దాని మీద ఇంకో షాట్ కలిపితే, వచ్చినదానికి కెమెరా తన సంతకం పెట్టేసింది. నికాన్ ఆ సంతకాల సేవను ఆపి, ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేయాల్సి వచ్చింది. గణితంలో ఎక్కడా తప్పు లేదు. సంతకం పెట్టే చేతికి ఏ కాగితం అందించారన్నదే తప్పు.

ఊడిపోయే విషయంలో వాటర్‌మార్క్ గట్టి పిండం. గుర్తు ఫైలు పక్కన కాకుండా పిక్సెళ్లలోనే ఉంటుంది కనుక వాట్సాప్ దాన్ని విడదీయలేదు. కుర్రాడు వాడిన యాప్ కంపెనీకి గుర్తును వెతికే సొంత చెకర్ ఉంది, దాంట్లో గ్రూపు కాపీని పెట్టాను, తమ గుర్తు ఉందని చెప్పింది. స్క్రీన్‌షాట్‌లో కూడా దొరికింది. చిరుత మొహం వరకే కత్తిరించి, నలుపు తెలుపు చేసి, చిన్న స్టిక్కరు సైజుకు తగ్గిస్తే మాత్రం తేల్చలేకపోయింది.

ఎందుకు తేల్చలేదో ఒక లెక్కతో చెబుతాను. ఇది ఏ కంపెనీ లెక్కా కాదు, పద్ధతి తెలియడానికి. బొమ్మలో 48 బిట్ల గుర్తు, అంటే 48 సున్నాలూ ఒకట్ల వరుస, దాచారనుకుందాం. ఏ గుర్తూ లేని మామూలు ఫోటోను చెకర్‌కు ఇస్తే, బొమ్మా బొరుసూ వేసినట్టు సుమారు 24 బిట్లు ఊరికే కలుస్తాయి. అందుకని ఒక గీత గీయాలి. 36 బిట్లు కలిస్తే మనదే అంటే, లక్ష మామూలు ఫోటోల్లో దాదాపు 36 అమాయకంగా దొరికిపోతాయి. రోజూ కోట్ల ఫోటోలు తిరిగే చోట అది చాలా పెద్ద సంఖ్య, ఎవరి పెళ్లి ఫోటోనో నకిలీ అనేస్తుంది. గీతను 40కి జరిపితే ఆ తప్పులు కోటికి 16, 17కు తగ్గుతాయి. కానీ కత్తిరించి కుదించిన చిరుతలో 38 బిట్లే మిగిలాయనుకోండి, 36 గీత దగ్గర దొరికేది 40 గీత దగ్గర జారిపోతుంది. గీతను ఎటు జరిపినా ఎవరో ఒకరు నష్టపోతారు. చెకర్ "తేల్చలేను" అన్నదంటే నేను దాన్ని తప్పుపట్టను. అది నిజాయితీ గల జవాబు.

వాటర్‌మార్క్‌కు అసలు గండం వేరే చోట ఉంది. గుర్తు వేసేది బొమ్మ చేసిన కంపెనీయే, దాన్ని చదవగలిగేదీ మామూలుగా ఆ కంపెనీ చెకరే. వేరే కంపెనీ యాప్‌తో చేసిన చిరుతను ఇక్కడ పెడితే లేదనే అంటుంది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు నడుపుకునే ఓపెన్ మోడళ్ల సంగతి మరీ తేలిక. స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి కోడ్‌లో గుర్తు వేసే పని బొమ్మ తయారయ్యాక పిలిచే ఒక ఫంక్షన్, పేరు `put_watermark`. పిలిచే ఆ లైను తీసేస్తే గుర్తు లేదు. గట్టిగా నాటిన గుర్తును కూడా, బొమ్మ మీద కాస్త నాయిస్ చల్లి ఇంకో మోడల్‌తో మళ్లీ గీయిస్తే చెరిపేయవచ్చని పరిశోధకులు చూపించారు. కంటికి చిరుత అలాగే ఉంటుంది. దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. నిజమైన ఫోటోను ఏఐ యాప్‌లోకి ఎక్కించి, మూల చిన్న మార్పు చేయించుకుంటే, బయటికి వచ్చినదానికి గుర్తు పడుతుంది. ఇష్టం లేని నిజాన్ని "అదిగో ఏఐ" అని కొట్టిపారేయడానికి అది చాలు.

మరి ఏది మేలు? పత్రికకు ఫోటోలు పంపే మనిషికీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు గుద్దిన కారు ఫోటోలు తీసుకునే ఆఫీసుకూ నేనైతే సంతకమే చెబుతాను. అక్కడ ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరికీ ఫైలును కాపాడుకోవాలని ఉంటుంది, కాపాడుకోగలరు. ఫార్వర్డ్‌లో తేలిన అనాథ బొమ్మకైతే వాటర్‌మార్కే నయం, ఎందుకంటే అక్కడి దాకా బతికి వచ్చేది అదొక్కటే. రెంటినీ ముడివేసే పద్ధతి కూడా సీ2పీఏలో ఉంది. సంతకం ఊడిపోయినా, లోపలి వాటర్‌మార్క్ ఒక నంబరులా పనిచేసి సర్వర్‌లో దాచిన వివరాలను వెతికిపెడుతుంది. నాకు ఇది బాగా నచ్చింది. కానీ బొమ్మ చేసినవాడు రెండూ పెట్టుకోవడానికి సిద్ధపడితేనే. మా కుర్రాడు సరదాకి చేశాడు కాబట్టి గుర్తులు దాచుకోలేదు. డబ్బు కాజేయడానికి చేసేవాడు గుర్తు వేయని పనిముట్టునే ఎంచుకుంటాడు. అందుకే చెకర్‌లో ఏమీ రాకపోతే, అసలు ఫోటో అని అర్థం కాదు. ఏమీ తెలియలేదనే అర్థం.

ఇదంతా గ్రూపులో రాద్దామని టైపు చేస్తుంటే ఇంకో ఫోటో పడింది. సీసీటీవీ ఫుటేజ్‌లోంచి తీసిన మసక బొమ్మ. మెట్ల పక్క నుంచి చిరుత నడుస్తోంది. "పొద్దుటిది ఫేక్ అంటున్నారు, మరి ఇదేమిటి, నిన్న రాత్రిది" అని రాశారు. కమాండ్ కొట్టాను, సంతకం లేదు. చెకర్‌లో పెట్టాను, వాటర్‌మార్క్ లేదు. రెండూ ఉండవు కూడా. గ్రూపులో తిరిగిన కాపీకి సంతకం ఎలాగూ మిగలదు, ఇక వాటర్‌మార్క్ ఉండటానికి దాంట్లో ఒక్క పిక్సెల్ కూడా ఏఐ చేసింది కాదు. మూల తేదీ ఉండాల్సిన చోట కత్తిరించారు, అంతే.

నేను పాత వార్తల్లో వెతుకుతుండగానే రెండో ఫ్లోర్ సరోజమ్మగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆవిడది నెల్లూరు, 2019 నుంచి ఇక్కడే ఉంటున్నారు. "ఇది ఆ దీపావళికి ముందు వచ్చిన ఫోటోనే కదయ్యా, కూడ్లు గేటు కాడిది. అప్పుడు మా మనవణ్ణి పది రోజులు కిందికి దింపలేదు, నాకు గుర్తుండదా?"