ఇన్సూరెన్స్ కంపెనీ యాపా, టీపీఏ పోర్టలా, ఆస్పత్రి డెస్కా: క్లెయిమ్ వేళ ఏది మేలు?

ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరారు, హెల్త్ పాలసీ ఉంది. ఫోన్‌లో ముందుగా ఏది తెరవాలి? చాలామంది కంపెనీ యాప్ తెరుస్తారు. కొందరు ఏజెంటుకు ఫోన్ చేస్తారు. ఇంకొందరు అంతా ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ చూసుకుంటుందని వదిలేస్తారు. నా మట్టుకు నాకు మూడు పనులకు మూడు చోట్లు మేలనిపిస్తాయి. ఈ-కార్డు ఎక్కణ్ణుంచి తీసుకున్నా ఫర్వాలేదు. కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ అనే మధ్య సంస్థ ఉన్న పాలసీ అయితే, క్లెయిమ్ ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి ఆ టీపీఏ పోర్టలే మేలు. ఫిర్యాదు మాత్రం యాప్ చాట్‌లో కాకుండా కంపెనీకి ఈమెయిల్లోనే పెట్టాలి.

ముందు మన క్లెయిమ్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియాలి. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా లాంటి ప్రభుత్వరంగ కంపెనీల పాలసీల్లో సాధారణంగా టీపీఏ ఒకటి మధ్యలో ఉంటుంది. ఆఫీసులు ఉద్యోగులకిచ్చే గ్రూప్ పాలసీల్లోనూ చాలావాటికి అంతే. ఆస్పత్రి పంపే కాగితాలు టీపీఏకి వెళతాయి, అక్కడి డాక్టర్లు చూస్తారు, సందేహాలుంటే వాళ్లే అడుగుతారు. క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అన్న తుది నిర్ణయం మాత్రం కంపెనీదే. స్టార్ హెల్త్ లాంటి కంపెనీలు ఈ పని సొంతంగా చేసుకుంటాయి, అలాంటి పాలసీ ఉన్నవాళ్లకు కంపెనీ యాప్ ఒక్కటి చాలు. మీది ఏ రకమో ఈ-కార్డు చూస్తే తెలిసిపోతుంది. టీపీఏ ఉంటే కార్డు మీద దాని పేరు, టోల్‌ఫ్రీ నంబరు ఉంటాయి.

ఇక ఈ-కార్డు. కంపెనీ యాప్‌లో దిగినదైనా, టీపీఏ సైటులో దిగినదైనా ఆస్పత్రివాళ్లకు కావలసినవి పాలసీ నంబరు, రోగి పేరు మీదున్న మెంబర్ ఐడీ, పాలసీ గడువు, అంతే. కాబట్టి ఏది ముందు తెరుచుకుంటే దాంట్లోంచి తీసుకోండి. జాగ్రత్తపడాల్సింది రెన్యువల్ దగ్గర. గ్రూప్ పాలసీల్లో ఆఫీసువాళ్లు కొత్త ఏడాదికి టీపీఏని మార్చేస్తే మెంబర్ ఐడీ కూడా మారుతుంది. పాత కార్డు ఫోన్ గ్యాలరీలో భద్రంగానే ఉంటుంది, దాన్నే డెస్క్‌కి చూపిస్తారు, డెస్క్‌వాళ్లు పాత టీపీఏకి పంపిస్తారు, అక్కడ పాలసీ గడువు దాటిపోయిందని తిరిగొస్తుంది. అందుకే రెన్యువల్ అయిన వారంలోపే కొత్త కార్డు దించుకోవాలి. అమ్మానాన్నల పేర్లు, వయసులు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి. పేరులో అక్షరం తేడా ఉంటే అడ్మిషన్ రోజున సరిచేయించడం చాలా కష్టం, మామూలు రోజుల్లో అయితే ఒక్క మెయిల్‌తో అయిపోతుంది. కార్డు ఉన్నంత మాత్రాన క్యాష్‌లెస్ ఖాయమనుకోవద్దు. ఆ కార్డు మీరెవరో మాత్రమే చెబుతుంది, ఏ జబ్బుకు ఎంత ఇస్తారో చెప్పదు. అది కావాలంటే యాప్‌లో పాలసీ డాక్యుమెంట్ పీడీఎఫ్ ఉంటుంది, దాన్నీ కార్డుతో పాటే దించి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి.

అసలు తేడా తెలిసేది స్టేటస్ దగ్గర. ఇక్కడ ఒక కేసు వివరంగా చెప్పాలి. మా పెదనాన్నగారికి పిత్తాశయంలో రాళ్లు, విజయవాడలో ఆపరేషన్. ఐదు లక్షల పాలసీ, మధ్యలో టీపీఏ ఉంది. చేరేటప్పుడు ఆస్పత్రి 95,000 అంచనా పంపితే 60,000కి మొదటి అప్రూవల్ వచ్చింది. ఇది మామూలే, మిగతాది చివరి బిల్లు చూశాక ఇస్తారు. డిశ్చార్జి రోజు డాక్టరు పొద్దున్నే ఇంటికి వెళ్లొచ్చన్నారు. చివరి బిల్లు 1,08,000 అయింది, డెస్క్ దాన్ని మధ్యాహ్నం పన్నెండు దాటాక పంపింది. మూడున్నరకు అడిగితే డెస్క్‌లో చెప్పిన మాట, ‘ఇంకా వాళ్ల దగ్గర్నుంచి అప్రూవల్ రాలేదండీ.’ కంపెనీ యాప్ తెరిస్తే అందులో చేరినప్పటి 60,000 అప్రూవ్డ్ అనే ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

మా అన్నయ్య టీపీఏ పోర్టల్‌లో మెంబర్ ఐడీతో లాగిన్ అయ్యాడు. అక్కడ స్టేటస్ ‘క్వెరీ రెయిజ్డ్’ అని ఉంది, టైము ఒంటిగంట దాటిన కొద్దిసేపటికి. కింద ఉత్తరం కూడా ఉంది. నొప్పి మొదట ఎప్పుడు వచ్చింది, మొట్టమొదటి స్కానింగ్ రిపోర్టు ఏ తేదీది, ఈ రెండూ కావాలని. అంటే టీపీఏ రెండు గంటలుగా ఆస్పత్రి జవాబు కోసం చూస్తోంది, ఆస్పత్రి డెస్క్ టీపీఏ జవాబు కోసం చూస్తోంది. ఆ మెయిల్ డెస్క్‌లో ఎవరూ తెరవలేదు.

ఆ ప్రశ్న ఊరికే వేసింది కాదు. పిత్తాశయ రాళ్లు, హెర్నియా, కంటిశుక్లం లాంటి వాటికి చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. పాలసీ తీసుకోకముందే జబ్బు ఉందా అన్నది కూడా చూస్తారు. అందుకే మొదటి రిపోర్టు తేదీ అడుగుతారు. పెదనాన్నగారి పాలసీ నాలుగో ఏడు, స్కానింగ్ ఆ నెలదే. రిపోర్టు ఫొటో ఇంట్లోవాళ్ల వాట్సాప్‌లో ఉంది. ‘పదిహేను రోజులుగా నొప్పి’ అని ఆపరేషన్ చేసిన డాక్టరు లెటర్‌హెడ్ మీద రాసి సంతకం, సీలు వేశారు. డెస్క్‌వాళ్లు నాలుగుంబావుకు రెండూ పంపారు. ఐదున్నరకు 1,01,600కి అప్రూవల్ వచ్చింది. మిగిలిన 6,400 గ్లౌజులు, అడ్మిషన్ కిట్, రిజిస్ట్రేషన్ లాంటి పాలసీ ఇవ్వనివి. అది కట్టి ఇంటికి వచ్చేశారు. పోర్టల్ చూడకపోయి ఉంటే ఆ రాత్రి గది అద్దె కూడా బిల్లులో చేరేది.

కంపెనీ యాప్‌ది దురుద్దేశం కాదు. టీపీఏ తన సిస్టంలో మార్చిన వివరం కంపెనీ సిస్టంలోకి చేరాక గానీ యాప్‌లో కనబడదు. నెల తర్వాత రీయింబర్స్‌మెంట్ చూసుకునేవారికి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. డిశ్చార్జి కోసం మంచం మీద కూర్చున్న మనిషికి మాత్రం గంట కూడా ఎక్కువే. దీనికి ఒక నియమం కూడా ఉంది. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో ఆస్పత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీయే భరించాలి. గమనించాల్సింది ఏమిటంటే, ఆ మూడు గంటలు లెక్కపెట్టేది అభ్యర్థన అందినప్పట్నుంచి. డాక్టరు ఇంటికి వెళ్లమన్నప్పట్నుంచి కాదు. బిల్లు అసలు ఎన్నింటికి వెళ్లింది, మధ్యలో క్వెరీ వచ్చిందా అన్నది తేదీ, టైముతో సహా టీపీఏ పోర్టల్‌లో కనబడుతుంది. డెస్క్‌తో మాట్లాడేటప్పుడు ఆ స్క్రీన్ చూపించి మాట్లాడితే పని కదులుతుంది. అలాగని డెస్క్‌ని పక్కన పెట్టలేం. క్యాష్‌లెస్‌లో క్వెరీకి జవాబు పంపాల్సింది ఆస్పత్రే, మనం పోర్టల్‌లో నేరుగా పెట్టినా సాధారణంగా పని జరగదు.

ముందు మనమే డబ్బు కట్టి తర్వాత అడిగే రీయింబర్స్‌మెంట్‌లో తూకం మారుతుంది. అక్కడ క్వెరీకి జవాబు మన బాధ్యత, ఆస్పత్రికి సంబంధం ఉండదు. యాప్ అయినా పోర్టల్ అయినా అప్‌లోడ్ చేసిన వెంటనే వచ్చే నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోండి. స్టేటస్ ‘క్లోజ్డ్’ అని కనిపిస్తే చాలామంది తిరస్కరించారనుకుని వదిలేస్తారు. తరచుగా దాని అర్థం అడిగిన కాగితం రాలేదు కాబట్టి ఫైలు మూసేశారని. ఆ కాగితం పంపి తిరిగి తెరవమని అడగవచ్చు. ‘సెటిల్డ్’ అని ఉండి డబ్బు రాకపోతే యూటీఆర్ అనే బ్యాంకు బదిలీ నంబరు ఉందేమో చూడండి. అది ఉంటే బ్యాంకులో అడగవచ్చు. లేకపోతే మీ ఖాతా పేరుకూ, పాలసీలో పేరుకూ తేడా ఉండి చెల్లింపు వెనక్కి పోయిందేమో టీపీఏని అడగాలి.

ఇవన్నీ పనిచేయాలంటే ఓటీపీ మన ఫోన్‌కి రావాలి. పాలసీ రాయించినప్పుడు ఏజెంటు తన నంబరో, తన మెయిలో ఇచ్చేసిన పాలసీలు మన ఊళ్లలో కొల్లలు. అలాంటప్పుడు యాప్ తెరుచుకోదు, క్వెరీ మెసేజీలన్నీ ఏజెంటుకే పోతాయి. అమెరికాలో ఉండి గుంటూరులోని అమ్మానాన్నల ప్రీమియం కట్టేవాళ్లకు మరో చిక్కు, అక్కడి నంబరుకు ఓటీపీ రాకపోవచ్చు. ఇలాంటి ఇళ్లలో నంబరు నాన్నగారిది, మెయిల్ పిల్లలది పెట్టడం ఉత్తమం. టీపీఏ ఉత్తరాలు మెయిల్‌కీ వస్తాయి కాబట్టి క్వెరీ రాగానే డాలస్‌లో ఉన్నవాళ్లూ చూడగలరు. యాప్‌ని ప్లేస్టోర్ నుంచి, కంపెనీ సైటులో ఉన్న లింకుతోనే దించుకోండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు, మోసగాళ్ల నంబర్లు అక్కడే ఉంటాయి. కార్డు మీదున్న నంబరుకే చేయండి.

ఇక మన వైపు నుంచి అడగాల్సినవి. రూమ్ రెంట్ ఎంతవరకు, ఈ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందా లాంటి చిన్న సందేహాలకు యాప్ చాట్ చక్కగా సరిపోతుంది. తగ్గించి ఇచ్చారు, తిరస్కరించారు అనే గొడవకు మాత్రం చాట్ పనికిరాదు. ‘మీ సమస్య సంబంధిత విభాగానికి పంపాం’ అని వచ్చి ఆ సంభాషణ మూసుకుపోతే మన చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు పాలసీ డాక్యుమెంట్ చివర ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్‌కి క్లెయిమ్ నంబరు, తిరస్కరణ ఉత్తరం జతచేసి రాయాలి. టీపీఏకి కాదు, కంపెనీకే రాయాలి, ఎందుకంటే జవాబుదారీ దానిదే. సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా సైటు bimabharosa.irdai.gov.in లో నమోదు చేయవచ్చు, 155255కి ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. కంపెనీకి రాసిన నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వాళ్లు మొదట అడిగేది కంపెనీకి మీరు రాసిన ఆ మెయిల్ కాపీనే.