మైలా, నాటికల్ మైలా, కిలోమీటరా: ప్రయాణం లెక్కకి ఏది మేలు?

మొన్న మా చిన్నాయన కొడుకు రేణిగుంటలో హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాడు. ఇంట్లో అందరం ఫోన్‌లో ఆ విమానం బొమ్మని చూస్తూ కూర్చున్నాం. దూరం 225 అని చూపిస్తోంది. వాడి తమ్ముడు వెంటనే "225 మైళ్లు, 1.6తో గుణిస్తే 360 కిలోమీటర్లు" అనేశాడు. మా నాయనకి నమ్మకం కుదరలేదు. "బస్సులో అయితే 550 పైనే కదరా, ఆకాశంలో మరీ అంత తక్కువా?" అన్నాడు. రోడ్డు కర్నూలు మీదుగా తిరిగి పోతుంది, విమానం దాదాపు తిన్నగా పోతుంది, కాబట్టి తక్కువ ఉండటం మామూలే. కానీ ఈసారి నాయన అనుమానమే కరెక్టు. స్క్రీన్ మీద 225 పక్కన చిన్నగా NM అని ఉంది, దాన్ని మావాడు చూసుకోలేదు. అది మైలు కాదు, నాటికల్ మైలు.

మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. నాటికల్ మైలు సరిగ్గా 1.852 కిలోమీటర్లు. అంటే 225 నాటికల్ మైళ్లు దాదాపు 417 కిలోమీటర్లు. మావాడు 57 కిలోమీటర్లు మింగేశాడు, తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ముప్పాతిక వంతు అన్నమాట!

క్యాలిక్యులేటర్ లేకుండానే దీన్ని పట్టుకోవచ్చు. నాటికల్ మైలు పుట్టిందే భూమి కొలత నుంచి. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నిమిషాలు, ఒక్కో నిమిషం దాదాపు ఒక నాటికల్ మైలు. రేణిగుంట విమానాశ్రయం 13.6 డిగ్రీల దగ్గర ఉంది, శంషాబాద్ 17.2 దగ్గర ఉంది. తేడా 3.6 డిగ్రీలు, 60తో గుణిస్తే 216 నాటికల్ మైళ్లు, అంటే 400 కిలోమీటర్లు. ఇది ఉత్తరానికి పోయే దూరం ఒక్కటే, పైగా హైదరాబాద్ కాస్త పడమటికి ఉంది. కాబట్టి మొత్తం దూరం 360 అవడం అసాధ్యం. ఒక్క జాగ్రత్త, ఈ 60 లెక్క అక్షాంశానికే. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరపడుతూ పోతాయి, కాబట్టి తూర్పు పడమరల దూరానికి దీన్ని వాడితే ఎక్కువ చూపిస్తుంది. మన తిరుపతి దగ్గర రేఖాంశం డిగ్రీకి 58 వస్తుంది, ఇంకా ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది.

ఇక అసలు విషయం. అన్నిటినీ ముందే కిలోమీటర్లలోకి మార్చేసుకుని లెక్క వేయడం మేలా, లేక స్క్రీన్ మీదో బోర్డు మీదో ఏ కొలత ఉంటే అందులోనే లెక్క పూర్తి చేసి చివర్లో మార్చుకోవడం మేలా? చాలామంది మొదటిదే చేస్తారు, నేనూ చాలా రోజులు అదే చేశాను. ఇప్పుడైతే టైము లెక్కకి రెండోదే మేలంటాను. ఎందుకంటే దూరాన్ని మార్చిన మనిషి వేగాన్ని మార్చడం మర్చిపోతాడు.

మా అక్కావాళ్లు డాలస్‌లో ఉంటారు. పోయినేడాది అమ్మానాయనలతో కలిసి నేనూ వెళ్లినప్పుడు కారులో హ్యూస్టన్ పోవాలనుకున్నాం, దూరం 240 మైళ్లు. నేను తెలివిగా దాన్ని 386 కిలోమీటర్లు చేశాను. రోడ్డు మీద వేగం ఎంతని బావని అడిగితే "డెబ్బై" అన్నాడు. 386ని 70తో భాగించి ఐదున్నర గంటలని తేల్చి, అమ్మకి మోకాళ్ల నొప్పి కాబట్టి దారిలో రెండుసార్లు ఆగాలని ప్లాన్ కూడా వేసేశాను. "అంతసేపు ఎందుకు పడుతుంది బావా, మూడున్నర గంటల్లో అక్కడుంటాం" అని బావ నవ్వాడు. ఆయన చెప్పిన డెబ్బై గంటకి మైళ్లు! 240ని 70తో నేరుగా భాగిస్తే 3.4 గంటలు, ఏమీ మార్చాల్సిన పనే లేదు. దీనికి ఉల్టా తప్పు కూడా జరుగుతుంది. 240 అన్న అంకె చూసి, మన హైవే మీద గంటకి వంద పోతాం కదా అనుకుని రెండున్నర గంటల్లో చేరిపోతామని భోజనానికి టైము చెప్పేస్తారు.

విమానంలోనూ ఇదే కథ. వేగం పక్కన kt అని ఉంటే అది నాట్లు, అంటే గంటకి నాటికల్ మైళ్లు. చిన్న విమానం 260 kt మీద పోతోందనుకుందాం. 225ని 260తో భాగిస్తే 52 నిమిషాలు (ఎక్కడం దిగడం వేరే, అక్కడ వేగం తక్కువ కాబట్టి ఇంకొంత కలుస్తుంది). అదే 417 కిలోమీటర్లు చేసుకుని 260తో భాగిస్తే గంటా ముప్పై ఆరు నిమిషాలు వస్తుంది, అప్పుడు విమానం లేటని అనవసరంగా టెన్షన్ పడతాం. NM పక్కన kt, mi పక్కన mph, కిలోమీటరు పక్కన గంటకి కిలోమీటర్లు, ఈ జతలు కుదిరాయా లేదా చూసుకుంటే చాలు.

అయితే కిలోమీటర్లలోకి ముందే మార్చుకోవాల్సిన సందర్భం ఒకటుంది. కొంత దూరం విమానంలో, కొంత కారులో పోయి మొత్తం ఎంతో తెలుసుకోవాలంటే NMనీ miనీ అలాగే కూడకూడదు, రెంటినీ కిలోమీటర్లు చేశాకే కూడాలి. డాలస్ నుంచి హ్యూస్టన్ అంటే మనకి దాదాపు విజయవాడ పోయినంత అని నాయనకి అర్థమయ్యేలా చెప్పాలన్నా కిలోమీటరే దిక్కు.

మనసులో మార్చడానికి ఏ కిటుకు మేలు? మైలు నుంచి కిలోమీటరుకి అయితే అసలు అంకెకి దాని సగం, ఇంకా పదో వంతు కలపండి. 240, 120, 24 కలిపితే 384, అసలుది 386, ప్రయాణానికి ఇది చాలు. వెనక్కి పోయేటప్పుడు మాత్రం ఇదే పద్ధతిలో "సగం, పదో వంతు" అని 0.6 వేసేస్తారు, అక్కడ దెబ్బ తింటారు. 386కి 232 వస్తుంది, ఎనిమిది మైళ్లు తక్కువ. ఎనిమిదితో భాగించి ఐదుతో గుణిస్తే 241 వస్తుంది, అది నయం. 5, 8, 13, 21 వరుసలో పక్క అంకె చూసుకోమని కొందరు చెబుతారు. 13 మైళ్లు 21 కిలోమీటర్లు, నిజమే, బాగానే ఉంటుంది. కానీ 240 లాంటి అంకెని ఆ వరుసలోకి ముక్కలు చేసుకునేలోపు ఫోన్ తీసి చూసుకోవచ్చు.

నాటికల్ మైలుకి నాకు బాగా నచ్చింది 15 శాతం కిటుకు. 225లో 15 శాతం దాదాపు 34. దాన్ని 225కి కలిపితే 259, అవి మామూలు మైళ్లు. అదే 34ని 225కి రెట్టింపైన 450 నుంచి తీసేస్తే 416, అవి కిలోమీటర్లు. ఒకే అంకె, రెండు పనులు. మా తమ్ముడికి ఇది చూపిస్తే, "ముందు ఆ NM అనేది కాస్త పెద్దగా రాయమను వాళ్లని" అన్నాడు.