మందు గురించి అడగాలంటే: నోటితోనా, కాగితం మీదా, నాణెం వేయించా?

"మీకు తాగుడు అలవాటు ఉందా?" అని అడిగితే వారానికి రెండుసార్లు తాగేవాళ్లు కూడా "అబ్బే, లేదండీ" అనేయొచ్చు. అది పచ్చి అబద్ధం కూడా కాదు. "తాగుడు" అన్న మాటలోనే తిట్టు ఉంది. "అలవాటు" అంటే రోజూ తాగేవాడికే వర్తిస్తుందని వాళ్ల లెక్క.

అందుకే ముందు ప్రశ్న మార్చాలి. "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు మందు గానీ బీరు గానీ తీసుకున్నారు? అసలు తీసుకోకపోతే 0 వేయండి." ఇక్కడ ఒప్పుకోవడానికేమీ లేదు, అంకె వేస్తే చాలు. 0-1, 2-3, 4 లేదా అంతకు పైన అని గడులు ఇస్తే మాత్రం చెడుతుంది. మధ్య గడిలో ఉన్నదే అందరూ తాగే మోతాదు అనుకుని, జనం తమ జవాబును అటువైపు జరుపుతారు. ఖాళీ గీత ఇవ్వడమే నయం.

ఇదే ప్రశ్నను ఎదురుగా కూర్చుని అడగడం కంటే కాగితం మీదో ఫోన్‌లోనో వాళ్ల చేతే నింపించడం మేలు. పక్కగదిలో ఇంట్లోవాళ్లు వింటుంటే ఎవరు నిజం చెబుతారు? చదవడం రానివాళ్లకు ఇయర్‌ఫోన్‌లో ప్రశ్న వినిపించి, ఫోన్‌లో అంకె నొక్కమనవచ్చు.

మూడో దారి నాణెం. ఇలాంటి పద్ధతిని 1965లో వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. దాని నుంచి వచ్చిన ఒక తేలిక రూపం ఇది: "గత 7 రోజుల్లో తాగారా?" అని అడగాలి, జవాబు చెప్పేవాళ్లు నాణెం ఎవరికీ చూపకుండా ఎగరేయాలి. బొమ్మ పడితే కళ్లు మూసుకుని "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 మందిలో 130 మంది "అవును" అన్నారనుకుందాం. బొమ్మ వల్ల వచ్చినవి సుమారు 100. మిగతా 100 మందిలో 30 "అవును"లు, అంటే 30 శాతం. ఎవరు తాగారో అడిగినవాడికీ తెలియదు.

వినడానికి బాగుంది కానీ ఖర్చెక్కువ. ఈ ఉదాహరణలో నేరుగా అడిగినంత కచ్చితత్వం రావాలంటే నాలుగు రెట్లకు పైగా మనుషులు కావాలి. పైగా చుక్క ముట్టనివాళ్లకు, బొమ్మ పడినా సరే, "అవును" అనడానికి నోరు రాదు. మొత్తం "అవును"లు సగం కంటే బాగా తగ్గాయంటే వాళ్లు నియమం పాటించలేదన్నమాట.

నన్నడిగితే వారం లెక్కకు నాణెం దండగ, కాగితమే చాలు. డ్యూటీలో తాగారా, తాగి బండి నడిపారా అని అడగాల్సి వస్తే మాత్రం నాణెం తీస్తాను. అక్కడ "అవును" అంటే ఉద్యోగం పోవచ్చు, ఎంత మెత్తగా అడిగినా ఆ భయం పోదు.