ఎర్ర మరకలకని సాఫ్ట్‌నర్ అంటగడుతున్నారు, జాగ్రత్త

బోరు నీళ్లతో సింకు ఎర్రబడుతోందని, తెల్లబట్టల మీద తుప్పు మరకలు పడుతున్నాయని ఫిల్టర్ కోసం చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఇంటింటికీ తిరిగి డెమో ఇచ్చేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. అలాంటి ఒకతను 48 వేలు తీసుకుని మా ఇంటికి సాఫ్ట్‌నర్ బిగించి వెళ్లాడు. మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

డెమోలో రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, రెండోదాంట్లో తను తెచ్చిన ఆర్వో నీళ్లు. రెండింట్లో కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. మా గ్లాసు కాసేపట్లోనే ఎర్రటి బురదయింది. "చూశారా అమ్మా, ఇదంతా మీ నీళ్లలోని ఐరనే" అన్నాడు. మా అత్తగారు భయపడిపోయారు. పచ్చి మోసం. ఆ బురద ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలున్న ఏ నీళ్లలోనైనా కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి అవి తేటగా ఉంటాయి. ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమనండి, అదీ ఎర్రబడుతుంది.

పాప యూనిఫాం మీద మళ్లీ మరకలు పడ్డాక ఫోన్ చేస్తే, "మేడమ్, మేం హార్డ్‌నెస్‌కే గ్యారంటీ ఇచ్చాం. ఐరన్ పోతుందని బిల్లులో ఎక్కడుందో చూపించండి" అన్నాడు. అప్పుడు గ్లాసు చూపించి ఐరనే అన్న నోటితోనే ఈ మాట! ఒళ్లు మండిపోయింది. నేను ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ల్యాబ్‌లో ఇస్తే ఐరన్ లీటరుకు 3 మిల్లీగ్రాములు వచ్చింది. 0.3 దాటితేనే మరకలు పడతాయట. సాఫ్ట్‌నర్ పని నీళ్లకు హార్డ్‌నెస్ తెచ్చే కాల్షియం, మెగ్నీషియం తీయడం. కరిగి ఉన్న ఐరన్‌ను కొంత పట్టినా, గాలి తగిలి తుప్పుగా మారినది సాఫ్ట్‌నర్ లోపలి రెసిన్ గింజలకు పట్టేసి వాటినే పాడుచేస్తుంది. మా నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులో నిలిచి, తుప్పుగా మారాకే సాఫ్ట్‌నర్‌లోకి వెళ్తున్నాయి. మూత తీసి చూస్తే తేనె రంగు గింజలు ముదురు గోధుమ రంగుకు తిరిగాయి.

కొనేముందు మోటారు వేసి బకెట్ పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి దిగితే అది నీళ్లలో కరిగి ఉన్న ఐరనే. టీడీఎస్ మీటరు దాన్ని విడిగా చూపదు, ల్యాబ్‌కే ఇవ్వండి. యాసిడ్ చుక్కలు వేసిన సీసా వాళ్లనే అడగండి, లేకపోతే ఐరన్ సీసా గోడలకు అంటి తక్కువ చూపిస్తుంది. ఇలాంటి నీళ్లకు ముందు గాలి పట్టించి, ఆ తుప్పును వడకట్టే ఐరన్ రిమూవల్ ఫిల్టర్ కావాలి. దాన్ని బ్యాక్‌వాష్ చేయడానికి, అంటే నీళ్లు ఎదురు పంపి కడగడానికి, మీ మోటారు ప్రెషర్ సరిపోతుందో లేదో రాసిమ్మనండి. హార్డ్‌నెస్ కూడా ఉంటే సాఫ్ట్‌నర్ దాని తర్వాతే.

బట్టల మరకలకు బ్లీచింగ్ వాడొద్దు, మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి ఉతకండి. బ్లీచింగ్, నిమ్మ ఉప్పు ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.